నక్షత్రం అడిగే ముందు మనిషిని చూడండి

మా ఇంట్లో సంబంధం నచ్చకపోతే నచ్చలేదని ఎవరూ అనరు. "జాతకాలు కలువలే" అంటారు. అవతలివాళ్లకు చిన్నతనం ఉండదు, ఇవతలివాళ్లకు గొడవ ఉండదు. రేపు ఏ పెళ్లిలోనో ఎదురుపడితే "బాగున్నరా" అని నవ్వుతూ పలకరించుకోవచ్చు. తప్పు మనుషులది కాదు, చుక్కలది. చుక్కలు వచ్చి నిలదీయవు కదా.

నాకు వచ్చిన మొదటి సంబంధం అట్లాగే పోయింది. పిల్లవాడి తండ్రి మా ఇంట్లో కుర్చీలో కాళ్లు చాపి కూర్చుని, మా బాపును "నీ దుకాణంల ఎంతమంది పనిచేస్తరోయ్" అని అడిగాడు. జగిత్యాలలో మా బాపుకు మోటార్ వైండింగ్ దుకాణం ఉంది. పొలాల్లో కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, కొత్త రాగి తీగ చుట్టి ఇస్తాడు. మా తాత తాటిచెట్లెక్కి కల్లు గీశాడు, బాపు మోకు వదిలి తీగ పట్టుకున్నాడు. ఇంత దూరం వచ్చిన మనిషికి ఆ "ఓయ్" గుచ్చుకుంది. మర్నాడు ఫోన్ చేసి, "అయ్యగారికి చూపిచ్చినమన్నా, జాతకం కలువలే" అని చెప్పేశాడు. అప్పటికి ఆ పిల్లవాడి పుట్టిన వివరాలు రాసిన చీటీ బాపు అంగీ జేబులోనే ఉంది. అమ్మ బట్టలు ఉతికినప్పుడు ముద్దయి బయటికి వచ్చింది.

రెండో సంబంధానికి అదే మాట మాకు తిరిగి తగిలింది. మా బిడ్డ నక్షత్రం మంచిది కాదేమోనని అమ్మ కుమిలిపోయింది. అసలు సంగతి నాకు తర్వాత తెలిసింది: పిల్ల వేరే ఊళ్లో ఒక్కతే ఉండి మగవాళ్ల కళ్లు పరీక్ష చేస్తుందట, అది వాళ్లకు నచ్చలేదట. ఆ మాట మొహం మీద అనే దమ్ము లేక చుక్కల మీద తోశారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

నేను కోరుట్లలో గది తీసుకుని, అక్కడ ఒక కంటి క్లినిక్‌లో పనిచేస్తాను. కళ్లు పరీక్షించి అద్దాల నంబరు రాయడం నా పని. నేను రాసిన నంబరుకు అద్దాలు కోసి ఫ్రేములో బిగించడం ఆయన పని. ఆయనంటే నేను పెళ్లి చేసుకోవాలనుకున్న మనిషి. ఊరు సిరిసిల్ల, ఇంట్లో సాంచాలు ఉన్నాయి. మరమగ్గాలను అక్కడ సాంచాలు అంటారు. మా పరిచయం కొట్లాటతో మొదలైంది. ఒక రైతు కొత్త కళ్లజోడు పెట్టుకుంటే కళ్లు తిరుగుతున్నాయని వచ్చాడు. చూస్తే అద్దం పక్కకు తిరిగి ఉంది. అందరి ముందూ నేను గట్టిగానే అనేశాను. ఆయన జోడు తీసుకుని చూసి, "తప్పు నాదే. గంటలో సరిచేసి ఇస్త" అన్నాడు. అంతే. సాకు చెప్పలేదు, మొహం ముడుచుకోలేదు. తప్పు ఒప్పుకున్న మగవాణ్ణి నేను అప్పటిదాకా దగ్గరి నుంచి చూడలేదు. ఇష్టం అక్కడే మొదలైందని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం అద్దం సరిగ్గా బిగించాడా లేదా అని రెండుసార్లు చూశాను.

ఒక ఆదివారం జగిత్యాలలో, అన్నాలు తిన్నాక, ఇంట్లో చెప్పేశాను. కులం వేరని కూడా దాచలేదు. బాపు చెయ్యి కడుక్కోవడానికి లేచి, అటే బయటికి పోయాడు. అమ్మ పిల్లవాడు ఎవరని అడగలేదు, ఏం చేస్తాడని అడగలేదు.

"నక్షత్రమేంది?" అంది.

ఆ ప్రశ్న నాకు బాగా తెలుసు. వద్దు అనే మాట వండి దింపారు, వడ్డించడమే మిగిలింది. నేను చెప్పనన్నాను. అమ్మ ఏడ్చింది, నేను అరిచాను. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి కోరుట్ల వచ్చేశాను.

క్లినిక్‌లో కంటిపాప పెద్దది కావడానికి కళ్లలో చుక్కల మందు వేస్తే, పేషెంట్లు అరగంట కళ్లు మూసుకుని కూర్చోవాలి. అందరూ కళ్లు మూసుకున్న ఆ గదిలో నేనొక్కదాన్నే కళ్లు తెరుచుకుని, మా ముగ్గురికీ ఉన్న వాట్సాప్ గ్రూపులో టైప్ చేశాను. ఎన్నిసార్లు చెరిపి రాశానో. చివరికి ఇట్లా పోయింది:

"బాపూ, అమ్మా. గీ ముచ్చట ఫోన్ల మాట్లాడితే అమ్మ ఏడుస్తది, నేను అరుస్త, బాపు బయటికి పోతడు. గందుకే రాస్తున్న. కోపమొచ్చినా చివరిదాంక చదువుండ్రి.

జాతకం చూడద్దని నేను అంటలేను. మీకు నమ్మకం ఉన్నది, దాన్ని నేను తీసిపారేయ. నేను అడిగేది ఒక్కటే. ముందుగాల మనిషిని చూడుండ్రి, తర్వాత జాతకం చూడుండ్రి. ఏది ముందు, ఏది వెనక, గదొక్కటి మార్చుండ్రి.

మన ఇంట్ల 'జాతకం కలువలే' అన్న మాట ఎట్ల పుడుతదో నాకెరికే. మొదటి సంబంధానికి అయ్యగారు లేడు, పంచాంగం లేదు, చీటీ బాపు జేబుల్నే ఉన్నది. బాపు కోపమే ఉన్నది. గా కోపం సరైందే. గని గప్పుడు బాపు మనిషిని చూసినంకనే వద్దన్నడు. గిప్పుడు చూడకుంట వద్దనకుండ్రి. వేరే కులమని మీ మనసుల ఉంటే గా మాట నా మొఖం మీదనే అనుండ్రి. కొట్లాడుత, ఏడుస్త, గని తట్టుకుంట. నక్షత్రం చాటుకు నిలబడి అంటే నేను ఎవలితోని కొట్లాడాలె?

ఒక్క పూట కూసోని మాట్లాడుండ్రి. ఆయన ఎట్ల మాట్లాడుతడు, వాళ్లమ్మతోని ఎట్లుంటడు, చూడుండ్రి. నచ్చకపోతే ఏం నచ్చలేదో నాకు చెప్పుండ్రి. నచ్చితే ఆయన పుట్టిన తారీకు, టైము, ఊరు నేనే తెచ్చి మీ చేతుల పెడుత. మీకు నమ్మకమున్న అయ్యగారి దగ్గరికే పోదాం. నేను సుత వస్త. అయ్యగారు ఏం చెప్పినా ముగ్గురం కూసోని వినాలె.

మీకు చెప్పకుంట నేను పెండ్లి చేసుకోను. గా మాటను మీరు అలుసు చేసుకోరని నా నమ్మకం. మీ బిడ్డ."

పంపాక రెండు నీలి గీతలు పడ్డాయి. జవాబు లేదు. ఆ మధ్యాహ్నం ఒక ముసలాయన అక్షరాల బోర్డు చదవడానికి ఆలస్యం చేస్తే విసుక్కున్నాను కూడా, పాపం.

పొద్దుగూకాక అమ్మ ఫోన్ చేసింది.

"గంత పొడుగు రాస్తరానే? చదివేటాల్లకు అన్నం మాడింది."

"ఏమంటవు మరి?"

"ఏమంట? వాళ్లమ్మతోని ఎట్లుంటడో చూడాల్నట. ముందుగాల నువ్వు మీ అమ్మతోని ఎట్లున్నవో చూస్కో" అని పెట్టేసింది.

నవ్వూ వచ్చింది, బాధా వేసింది. అమ్మ తిట్టిందంటే తలుపు పూర్తిగా మూయలేదని అర్థం. భయమంతా బాపుతోనే. ఆయన కోపమొస్తే అరవడు. గోడలా అయిపోతాడు, గోడతో ఏం మాట్లాడతాం?

ఆ వారాంతం ఇంటికి వెళ్లాను. బాపు దుకాణంలో ఒక మోటారు విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. మాడిన తీగ వాసన. నేను స్టూలు మీద కూర్చున్నాను. ఎంతసేపటికీ నోరు విప్పడు. ఇక నాకు ఓపిక పోయింది.

"ఔననో కాదనో ఒకటి చెప్పు బాపూ. గిట్ల చంపకు."

తల ఎత్తకుండానే అన్నాడు: "చీటీ జేబుల్నే ఉన్నదని నీకెట్ల ఎరిక?"

"అమ్మ ఉతికిన బట్టలు నేనే ఆరేసిన."

బాపు చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. "రెండోసారి మనకు గదే మాట చెప్పిండ్రు గదా. మీ అమ్మ ఎన్నొద్దులు ఏడ్చింది! వాళ్లను మస్తు తిట్టుకున్న. నువ్వు రాసింది చదివినంక, నేను చేసింది సుత గదే గదా అనిపించింది." విప్పిన మోటారును పక్కకు జరిపాడు. "నాకు కులం ముచ్చట పట్టింపు లేదని అబద్ధం చెప్ప బిడ్డా. మా అన్నదమ్ములు నాలుగు మాటలంటరు. గది నా మనసుల ఉన్నది. గని నువ్వన్నట్టు, గది పిలగాన్ని చూసి చెప్పాలె."

నాకు ఆ క్షణంలో బాపు మీద కలిగినంత ప్రేమ ఇంకెప్పుడూ కలగలేదు. అవునన్నందుకు కాదు, అవునని అనలేదు కూడా. మనసులో ఉన్నది దాచకుండా చెప్పినందుకు.

అయినా నేరుగా సంబంధం చూడ్డానికి పోతున్నామని చెప్పుకోవడానికి ఇద్దరికీ మొహమాటం. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు బాకీ ఉందని అమ్మకు ఉన్నట్టుండి గుర్తొచ్చింది. కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేసే మొక్కు అది. నేను పుట్టినప్పటి నుంచీ ఉందట, ఇన్నాళ్లూ గుర్తు రాలేదు. "మొక్కు తీర్చినంక సిరిసిల్ల పక్కనే గదా, ఊకె అట్ల పోయొద్దాం" అంది. సరే ఊకెనే పోదామని నేనూ బుద్ధిమంతురాలిలా తల ఊపాను.

దారిలో అమ్మ షరతు పెట్టింది. "మంచినీళ్లు తాగుత, గంతే. చాయ్ సుత ముట్ట. నువ్వు సుత ఏం ముట్టకు" అని బాపుకు హెచ్చరిక. మా వైపు సంబంధం కుదరకముందు అవతలి ఇంట్లో తినరు. చెయ్యి కడిగారంటే ఒప్పుకున్నట్టే లెక్క. తర్వాత వద్దనడానికి నోరు రాదు.

వేములవాడలో మొక్కు తీర్చి, బస్సు దిగి వాళ్ల వాడకట్టులోకి పోతే నాలుగు దిక్కులా సాంచాల చప్పుడు. వాళ్ల ఇంట్లో మాత్రం మాకోసం ఆపారు. ఆయన నాన్న బాపును లోపలికి పిలిచి మంచం మీద కూర్చోబెట్టాడు. ఆయనేమో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. నా వైపు చూడలేదు. చూడొద్దని నేనే చెప్పాను, అయినా ఒక్కసారి కూడా చూడకపోతే కోపమొచ్చింది.

వాళ్లమ్మ గడప పక్కన బీడీలు చుడుతోంది. మమ్మల్ని చూసి గబగబా ఒళ్లోని చాట పక్కకు పెట్టబోయింది.

"ఆకు ఎండిపోతది అక్కా, కానియ్యి" అంది మా అమ్మ.

అమ్మకు ఆ పని తెలుసు. నేను చదువుకున్నన్నాళ్లూ అమ్మ బీడీలు చుట్టింది. తడిపిన తునికాకు తీసుకోవడం, కొలతకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. చేతులు మరిచిపోవు. వాళ్లమ్మ పక్కన కింద కూర్చుని ముందు ఊరికే చూసింది. తర్వాత కత్తెర అందుకుంది. తర్వాత చూస్తే అమ్మ ఒళ్లోకి ఇంకో చాట వచ్చేసింది. ఇద్దరూ తల ఎత్తకుండా చుడుతూ మాట్లాడుకుంటున్నారు.

"మావోడు మొండోడు అక్కా" అంది వాళ్లమ్మ. "కోపమొస్తె రెండ్రోజులు మాట్లాడడు. గిన్నె మీద మూత పెట్టుమంటే పెట్టడు."

"మాదానికి మూత పెట్టరాదు" అంది మా అమ్మ. "నోరు తెరిస్తే వాడకట్టంత వింటది."

"మావోనికి పొద్దున లేవొస్తలేదు."

"మాదానికి వంట రాదు. పప్పు ఒక్కటొస్తది, గది సుత మాడుస్తది."

కన్న తల్లులు కదా, పొగుడుకుంటారనుకున్నాను. పోటీలు పడి మా గుట్లు విప్పుకుంటున్నారు. అయ్యగారి కంటే ముందు వాళ్లే మా గుణాలన్నీ లెక్కపెట్టేసినట్టుంది.

ఇటు మంచం దగ్గర బాపు సూటిగా అడిగాడు.

"మా బిడ్డకు కోపమెక్కువ. ఎరికేనా?"

"మొదటిరోజే ఎరికైంది" అన్నాడు ఆయన. "అద్దం తప్పు బిగించిన. అందరి ముందట అన్నది. తప్పు నాదే ఉండె."

బాపు పెదవులు కదిలాయి. నవ్వు ఆపుకుంటున్నాడని నాకు తెలుసు. మళ్లీ మొహం గట్టి చేసుకున్నాడు.

"మీ కులం వేరు, మా కులం వేరు. రేపు మావోళ్లు, మీవోళ్లు మాటలంటే ఏం చేస్తవు?"

ఆయన సినిమా డైలాగు ఏదైనా కొడతాడేమోనని నాకు భయం. కొట్టలేదు.

"భయం లేదని చెప్పను. మా పెద్దనాయిన గీ ముచ్చట ఎరికైనకాంచి మా ఇంటికొస్తలేడు. నేను పోయి మాట్లాడిన. మళ్ల పోత. వాళ్లు అన్నప్పుడల్లా మీ బిడ్డను ముందుకు తొయ్యను. నేనే ముందుంట. గంతకు మించి నాకు తెల్వది."

బాపు చేతిలోకి చాయ్ గ్లాసు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు తాగడం మొదలుపెట్టాడో బాపుకే తెలియదు. అమ్మ గడప దగ్గర నుంచి గుడ్లురిమింది. అప్పటికి సగం అయిపోయింది.

లేచే వేళకు అమ్మ చేతుల నిండా తంబాకు. వాళ్లమ్మ చెంబుతో నీళ్లు పోస్తే అమ్మ హాయిగా చేతులు కడుక్కుంది. కడుక్కున్నాక గుర్తొచ్చింది. తడి చేతులు అట్లాగే పట్టుకుని బాపు వైపు చూసింది. బాపు చేతిలో ఖాళీ గ్లాసు. "నన్నేం చూస్తవు, కడిగింది నువ్వు" అన్నాడు బాపు. వాళ్లమ్మకు విషయం అర్థమై నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇక అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వి, "కడిగినంక ఉత్తగ పోతే మంచిది కాదు" అని పళ్లెంలోంచి సర్వపిండి ముక్క తీసుకుని తింది. గడప దాటుతూ వెనక్కి తిరిగి, "పోయొస్తం వదినె" అంది.

వచ్చినప్పుడు అక్క. పోయేటప్పుడు వదినె. వియ్యపురాలిని పిలిచే పిలుపు అది. బస్టాండు దాకా నా కాళ్లు నేల మీద లేవు.

బస్సులో బాపు ఒక్కటే మాట అన్నాడు: "పిలగాడు అబద్ధమాడడు." కాసేపటికి అమ్మ నా భుజం పొడిచి, "ఇగ నక్షత్రం చెప్పు" అంది.

నేను మాట ఇచ్చాను, తప్పను. తారీకు, టైము, ఊరు అన్నీ చెప్పాను. ఆయన ఆసుపత్రిలో పుట్టాడు, టైము గురించి అనుమానం లేదు. ఇప్పుడు జాతకం కలవకపోతే ఏమవుతుందోనన్న భయం లేదని అంటే అది అబద్ధమే అవుతుంది. చెయ్యి కడిగిన అమ్మే, నమ్మకం ముందు వెనక్కి తగ్గితే నేనేం చేయగలను? ముగ్గురం కూర్చుని వినాలని రాసింది నేనే.

జగిత్యాలలో మా ఇంటి శుభకార్యాలన్నీ చూసే అయ్యగారి దగ్గరికి వెళ్లాం. పెద్దాయన, చేతిలో పంచాంగమూ ఉంది, ఫోనులో లెక్కలు కట్టే యాప్ కూడా ఉంది. కూర్చోగానే ఆయన మొదట అడిగింది జాతకం కాదు.

"పిలగాన్ని చూసినంక వచ్చిండ్రా, చూడకముందు వచ్చిండ్రా?"

"చూసినం అయ్యగారూ" అన్నాడు బాపు.

"మంచిది. చూడకముందు వచ్చేటోళ్లు సగం మంది నా నోటితోని వద్దనిపిచ్చుకునేటందుకే వస్తరు" అని ఫోను తెరిచాడు.

అయ్యగారు ఓపికగా చెప్పాడు. కూటాలు ఎనిమిది. వర్ణానికి ఒకటి, వశ్యానికి రెండు, తారకు మూడు, యోనికి నాలుగు, గ్రహమైత్రికి అయిదు, గణానికి ఆరు, రాశికి ఏడు, నాడికి ఎనిమిది. అన్నీ కలిపితే ముప్పై ఆరు గుణాలు. సగానికి తక్కువ రావద్దంటారు. సిరిసిల్ల ఆయనది ఆరుద్ర నక్షత్రం, మిథున రాశి. నాది హస్త, కన్య రాశి. రెండు రాశులకూ అధిపతి బుధుడే కాబట్టి గ్రహమైత్రికి అయిదుకు అయిదు. రాశికి ఏడుకు ఏడు. నాది దేవగణం, ఆయనది మనుష్యగణం, అక్కడ అయిదు. వర్ణానికి ఏమీ రాలేదు. మిగతావి అంతో ఇంతో కలిశాయి. మొత్తం ఇరవై రెండున్నర.

అమ్మ ముఖం వెలిగింది. అయ్యగారు కళ్లజోడు తీశాడు.

"లెక్క సరిపోయింది. గని నాడి సున్నా. ఇద్దరిదీ ఆది నాడే. ఎనిమిదిట్ల పెద్దది గదే. ఒక్కటే నాడి అయితే సంతానం విషయంల మంచిది కాదంటరు. రాశ్యధిపతి ఒక్కడే అయితే గా దోషం పట్టదని చెప్పే పెద్దలున్నరు. ఒప్పుకోని పెద్దలూ ఉన్నరు. నేను రెండూ చెప్తున్న, దాచను."

అమ్మ కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. అప్పుడు అయ్యగారు నా వివరాలు మళ్లీ చూసి, "అమ్మా, మీ బిడ్డ పుట్టిన టైము సరిగ్గ చెప్పుండ్రి. ఆనాడు పగటి పదకొండు దాంకనే హస్త. తర్వాత చిత్త" అన్నాడు.

అమ్మ పుట్టిల్లు ముత్యంపేట. నేను పుట్టింది అక్కడే, ఇంట్లో. గడియారం ఎవరు చూశారు? చెరుకు గానుగాడే రోజులు, చక్కెర ఫ్యాక్టరీ సైరన్ కూసినప్పుడు నేను ఏడ్చానట. మా ఇంట్లో నా జన్మ సమయమంటే ఆ సైరనే.

"ఏ సైరనమ్మా? పొద్దుటిదా, పగటిదా?" అడిగాడు అయ్యగారు.

నేను పుట్టినప్పటి నుంచీ అమ్మ చెప్తున్నది పొద్దుటి సైరన్ అనే. ఇప్పుడు అమ్మ నన్ను చూసింది, బాపును చూసింది.

"పగటిదైతే ఏమైతదయ్యా?" అని మెల్లగా అడిగింది.

అయ్యగారు నవ్వు దాచుకుంటూ లెక్క కట్టాడు. చిత్త అయితే నాది మధ్య నాడి, ఆయనది ఆది నాడి. ఎనిమిదికి ఎనిమిది. మొత్తం ఇరవై ఆరు. "గని గణం పోతది. చిత్తది రాక్షసగణం" అన్నాడు.

"గదైతే కరెక్టే కలిసింది" అన్నాడు బాపు నన్ను చూస్తూ.

"నాకు గప్పుడు సోయి ఎక్కడున్నది అయ్యా" అంది అమ్మ. "పగటిదే అయ్యుంటది. పగటిదే అని రాయుండ్రి."

జాతకం చూడకుండా పెళ్లేంటని ఏడ్చిన మా అమ్మ, నా కోసం నా పుట్టుకనే మార్చడానికి సిద్ధపడింది. నన్ను రాక్షసగణంలో కలపడానికి కూడా! లేచి ఆమె మెడ కావలించుకోవాలనిపించింది. కానీ అబద్ధంతో గెలవడం నాకు వద్దు. నోరు తెరవబోయాను. బాపు ముందే మాట్లాడాడు.

"పొద్దుటిదే రాయుండ్రి అయ్యగారూ. బిడ్డ పుట్టినప్పుడు నేను వాకిట్లనే ఉన్న. ఇంకా చలి మంట ఆరలే. పుట్టిన గడియ మార్చేది లేదు, పిలగాన్ని మార్చేది లేదు. నాడి దోషానికి ఏం జపం, ఏం దానం చెయ్యాల్నో చెప్పుండ్రి, చేస్తం. మీరు ముహూర్తం చూడుండ్రి."

"ముహూర్తమా?" అన్నాడు అయ్యగారు.

"మనిషిని చూసినంక నాకు నిద్రపట్టింది. గదే నాకు ముహూర్తం. మిగతాది మీరు చూడుండ్రి."

అయ్యగారు అమ్మ వైపు చూశాడు. అమ్మ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచి, "శాంతి చేసేటప్పుడు నేను సుత కూసుంట. ఉపాసముంట. గది నాకు విడిచిపెట్టుండ్రి" అంది. అయ్యగారు పంచాంగం పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు.

నేను గెలిచాను. సిగ్గులేకుండా చెప్తున్నాను, గెలిచాను. ఎవరినీ ఓడించకుండా గెలిచాను. అమ్మ నమ్మకం అమ్మ దగ్గరే ఉంది, పూజగదిలో దీపంలాగే ఉంది. అది నా దారికి అడ్డంగా లేదు, అంతే తేడా.

బయట చెప్పులేసుకుంటూనే అమ్మ ఫోను తీసి సిరిసిల్లకు కలిపింది. బాపు నన్ను చూసి కళ్లతోనే నవ్వాడు. అమ్మ గొంతు రోడ్డు మీద ఆటోల చప్పుడును మించి వినిపించింది.

"వదినె, నాడి కలువలేదంటున్నరు. గది నేను చూసుకుంట తియ్యి. వరపూజకు మీరు ఎంతమందొస్తరు, ముందుగాల గది చెప్పు."